మానేసిన సెషన్లు, పెరిగిన నొప్పి: ఫిజియోథెరపీ క్లినిక్‌కు ఏమని రాయాలి?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు, షుగరు ఉంది. ఎడమ భుజానికి ఫ్రోజెన్ షోల్డర్ అని చెప్పి డాక్టరు గారు ఫిజియోథెరపీకి పంపారు. మంగళవారం, శుక్రవారం చొప్పున మొత్తం 10 సెషన్లు. నాలుగింటికి వెళ్లాను. తర్వాత మా అత్తగారు ఆసుపత్రిలో చేరారు. ఆవిడను లేపి కూర్చోబెట్టడం, పడుకోబెట్టడం అన్నీ నేనే చూసుకున్నాను. వరుసగా ఐదు సెషన్లు పోయాయి. మొదటి రెండింటికి ఫోన్ చేసి చెప్పాను, తర్వాతి మూడింటికి చెప్పనే లేదు. ఆ లోటు పూడ్చుకుందామని ఒక వీడియో చూసి, టవలుతో చేతిని వీపు వెనక పైకి లాగే వ్యాయామం రెండు పూటలా ఎనిమిది రోజులు చేశాను. ఇప్పుడు రాత్రిళ్లు నొప్పికి మెలకువ వచ్చేస్తోంది. అత్తగారు ఇంటికి వచ్చేశారు, ఎల్లుండి శుక్రవారం నా పదో సెషన్. ఆలోగా క్లినిక్‌కు మెసేజ్ పెట్టి, ఇంట్లో వ్యాయామాలు మార్చుకుంటానని చెప్పాలని ఉంది. ఏం రాయాలి, ఎంత రాయాలి? చెప్పకుండా మానేసినందుకు ఏమంటారోనని మొహమాటంగానూ ఉంది.

సమాధానం:

టవలు వ్యాయామాన్ని ఈ పూట నుంచే ఆపేయండి. మెసేజ్ రాయడం కంటే ముందు చేయవలసిన పని ఇదే, ఎందుకంటే మీరు రాసిన క్రమాన్ని బట్టి చూస్తే రాత్రి నొప్పికి అదే పెద్ద కారణమని అనిపిస్తోంది. భుజం కీలు చుట్టూ ఒక సంచి లాంటి పొర ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న భుజంలో అది వదులుగా ఉండి, చేయి ఎటు తిరిగితే అటు సాగుతుంది. మీకు వచ్చిన జబ్బులో ఆ పొరకు మొదట వాపు వస్తుంది, తర్వాత అది మందమై ముడుచుకుపోతుంది. వాపు ఇంకా చల్లారని రోజుల్లో దాన్ని గట్టిగా లాగితే అది సాగకపోగా మరింత రేగుతుంది. అందులోనూ చేతిని వీపు వెనక్కి పెట్టి పైకి లాగడమంటే ఆ పొరను మెలిపెట్టి లాగడమే. భుజం నొప్పి మీద ఉన్నప్పుడు మేము ఆ కదలిక జోలికి పోనివ్వం. నొప్పి బాగా తగ్గి, బిగువు మాత్రమే మిగిలాక మెల్లగా మొదలుపెడతాం.

తప్పిన సెషన్లకు బదులుగా ఇంట్లో రెట్టింపు చేయాలని చాలామందికి అనిపిస్తుంది, కానీ ఈ జబ్బులో ఆ లెక్క పనిచేయదు. నెదర్లాండ్స్‌లో 77 మంది రోగులను రెండేళ్లపాటు గమనించి, 2004లో ప్రచురించిన అధ్యయనం ఒకటి ఉంది. అందులో కొందరికి నొప్పిని దాటి మరీ సాగదీసే గట్టి ఫిజియోథెరపీ ఇచ్చారు. మిగిలినవారికి జబ్బు గురించి వివరంగా చెప్పి, నొప్పి అనుమతించినంత మేరకే కదపమన్నారు. రెండేళ్లు గడిచేసరికి నొప్పి లేకుండా దాదాపు మామూలుగా చేయి వాడగలిగినవారు మెల్లగా చేసినవారిలో 89 శాతం, గట్టిగా చేసినవారిలో 63 శాతం. ఒక్క అధ్యయనంతో అన్నీ తేలిపోవని ఒప్పుకుంటూనే, నేను నా రోగులకు దీన్ని తరచూ చెబుతుంటాను, ఎందుకంటే తప్పిన సెషన్ల వల్ల మీ భుజానికి జరిగిన నష్టం మీరు భయపడుతున్నంత పెద్దది కాదు. రెండున్నర వారాల విరామాన్ని ఈ జబ్బు పెద్దగా లెక్కపెట్టదు. దీని నడకే నెలల్లో ఉంటుంది. చాలామందికి పూర్తిగా తగ్గడానికి ఏడాది నుంచి మూడేళ్లు పడుతుంది. నష్టమేదైనా జరిగిందంటే అది విరామంలో మీరు టవలుతో లాగిన చివరి ఎనిమిది రోజుల్లోనే జరిగింది, కాబట్టి మీ మెసేజ్‌లో ఎక్కువ చోటు ఇవ్వవలసింది కూడా వాటికే.

ఇక సెషన్లు తప్పిన సంగతి. దీని గురించి రెండు మూడు వాక్యాలకు మించి రాయకండి. క్షమాపణ ఒక్కసారి చెబితే చాలు. అయితే కారణాన్ని రాసేటప్పుడు, మామూలుగా ఎవరికీ తోచని ఒక వివరం తప్పకుండా చేర్చాలి. మీరు 'ఇంట్లో ఒకరికి ఆరోగ్యం బాగా లేక రాలేకపోయాను' అని రాస్తే, అది చదివిన ఫిజియోథెరపిస్టుకు మీరు రాలేదన్న విషయం తప్ప వైద్యపరంగా ఏమీ తెలియదు. అదే మీరు ఆ రోజుల్లో మంచం మీద ఉన్న మనిషిని చంకల కింద చేతులు వేసి లేపారని రాస్తే, బిగుసుకున్న భుజం మీద ఎంత బరువు పడిందో ఆమెకు వెంటనే అర్థమవుతుంది. అలాంటప్పుడు నొప్పి పెరగడానికి టవలు ఒక్కటే కారణమా, లేక ఆ బరువు వల్ల భుజం కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువుకు కూడా ఏమైనా జరిగిందా అని ఆమె పరీక్షించి చూడాలి. అంటే మీరు సంజాయిషీ అనుకుంటున్నది ఆమెకు రోగ చరిత్రలో ఒక భాగం. అలాగే ఆ కారణం ఇప్పుడు తీరిపోయిందా, ఇంకా ఉందా అన్నది కూడా రాయండి. అత్తగారు ఇంటికి వచ్చారు సరే, ఆవిడను లేపే పని ఇప్పటికీ మీదేనా? అయితే ఆ మాట రాస్తేనే, ఎడమ చేతి మీద భారం పడకుండా మనిషిని ఎలా లేపాలో శుక్రవారం నేర్పిస్తారు, లేదా ఆ పని ఇంకొకరికి అప్పగించమని చెబుతారు.

చెప్పకుండా మానేసిన మూడింటిని కూడా ఉన్నదున్నట్టు రాయండి. ఫోన్ చేసిన రెండూ, చేయని మూడూ క్లినిక్ రిజిస్టరులో ఎలాగూ వేరువేరుగానే ఉంటాయి. కొన్ని క్లినిక్‌లలో వరుసగా రెండు మూడుసార్లు చెప్పకుండా రాకపోతే ఆ రోగి చికిత్స మానేసినట్టుగా రాసుకుని, తర్వాతి సమయాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తారు. కాబట్టి మీ శుక్రవారం సెషన్ ఇంకా మీ పేరు మీదే ఉందా అన్న ప్రశ్నను మెసేజ్ మొదట్లోనే అడగాలి. తప్పిన సెషన్లు లెక్కలోకి వస్తాయా, వాటిని తర్వాతి వారాలకు జరపవచ్చా అన్నది రిసెప్షన్ వాళ్లు చెప్పవలసిన మాట. నొప్పి సంగతి ఫిజియోథెరపిస్టు చూడవలసింది. రెండూ ఒకే మెసేజ్‌లో ఉన్నా ఫరవాలేదు గానీ, ఎవరికి ఏది అన్నది విడిగా కనబడాలి, లేకపోతే రిసెప్షన్‌లో ఉన్నవారు తమకు సంబంధించిన ముక్కకు జవాబిచ్చి ఊరుకునే ప్రమాదం ఉంది.

అన్నిటికంటే జాగ్రత్తగా రాయవలసింది నొప్పి గురించి. నేను ఈ వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఒక రోగి 'కాస్త నొప్పిగా ఉంది, వచ్చే వారం వస్తాను' అని కబురు పెట్టారు. కాస్తే కదా అని నేను వ్యాయామాలు మార్చలేదు. వారం తర్వాత ఆవిడ వచ్చినప్పుడు కళ్ల కింద నలుపు చూసి అడిగితే, నాలుగు రాత్రులుగా కుర్చీలో కూర్చునే నిద్రపోతున్నానని చెప్పారు. 'కాస్త' అన్న మాటకు ఆవిడ అర్థం ఒకటి, నా అర్థం మరొకటి. అప్పటి నుంచి నేను అంకె లేకుండా నొప్పిని రాసుకోవడం మానేశాను.

0 నుంచి 10 వరకు ఉండే కొలత మీకు క్లినిక్‌లో చెప్పే ఉంటారు: 0 అంటే నొప్పి లేదు, 10 అంటే మీరు ఊహించగలిగినంత తీవ్రమైన నొప్పి. చాలామంది ఒకే అంకె రాస్తారు, ఈ జబ్బులో దానివల్ల ఉపయోగం తక్కువ. చేయి కదపకుండా కూర్చున్నప్పుడు ఎంత, కదిపినప్పుడు ఎంత, రాత్రి ఎంత అని మూడు విడి అంకెలు రాయండి. వాటిలోనూ రాత్రి అంకె ముఖ్యం. అమెరికా ఫిజికల్ థెరపీ సంఘం ఆర్థోపెడిక్ విభాగం 2013లో ఈ జబ్బుకు ఇచ్చిన మార్గదర్శకాల్లో, భుజం ఎంత రేగి ఉందన్నదాన్ని బట్టి రోగులను మూడు స్థాయిలుగా చూడమన్నారు. నొప్పి 7 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండి, రాత్రీ విశ్రాంతిలోనూ వదలకుండా ఉంటే భుజం బాగా రేగినట్టు. 4 నుంచి 6 మధ్య ఉండి రాత్రి అప్పుడప్పుడు మాత్రమే వస్తుంటే మధ్యస్థం. 3 లేదా అంతకు లోపు ఉండి రాత్రి నొప్పి లేకపోతే చల్లబడినట్టు. ఏ వ్యాయామం ఎంత లోతుగా చేయాలన్నది ఈ స్థాయిని బట్టే ఉంటుంది. నొప్పికి మెలకువ వస్తోందని మీరు రాశారు కాబట్టి నాలుగో సెషన్ నాటికి మీకిచ్చిన వ్యాయామాలు కూడా ఇప్పుడు మీకు ఎక్కువే కావచ్చు.

అంకె పక్కనే పోల్చుకోవడానికి పాత అంకె కూడా ఉండాలి. నాలుగో సెషన్ రోజున రాత్రి నొప్పి 3 ఉండి ఇప్పుడు 7 ఉందంటే అది నిజంగా పెరిగినట్టే. 4 నుంచి 5కు వస్తే అది రోజువారీ హెచ్చుతగ్గు కూడా కావచ్చు. సుమారు 2 అంకెల తేడా ఉంటే దాన్ని పట్టించుకోవలసిన మార్పుగా చూస్తాం. ఎన్నిసార్లు మెలకువ వస్తోంది, మళ్లీ నిద్ర పట్టడానికి ఎంతసేపు పడుతోంది అన్నది అంకె కంటే ఇంకా నమ్మదగిన సంగతి, ఎందుకంటే దాన్ని ఎవరూ తగ్గించి చెప్పుకోలేరు.

నొప్పి ఎలాంటిదో చెప్పడానికి మన భాషలో చక్కని మాటలున్నాయి, వాటినే వాడండి. రాత్రి లోపల్నుంచి సలుపుతోందా? చేయి ఉన్నట్టుండి కదిలినప్పుడు జివ్వుమని లాగి, రెండు నిమిషాలకు తగ్గుతోందా? ఈ రెండూ ఫ్రోజెన్ షోల్డర్‌లో మామూలే. అలా కాకుండా మెడ దగ్గర మొదలై మోచేయి దాటి వేళ్ల దాకా మంటగా పాకుతోందా, చీమలు పాకినట్టు తిమ్మిరి ఉందా? అలాంటిదేదైనా ఉంటే మెడలోని నరం మీద ఒత్తిడి ఉందేమోనని చూడవలసి ఉంటుంది, కనుక అది తప్పకుండా మెసేజ్‌లో ఉండాలి. ఏ మందు, ఏ మోతాదులో, ఏ వేళకు వేసుకుంటున్నారో కూడా రాయండి. మాత్ర వేసుకున్నాక ఉన్న 5కూ, వేసుకోకుండా ఉన్న 5కూ చాలా తేడా ఉంది.

నొప్పితో పాటు కదలికను కూడా ఒక కొలతగా ఇస్తే ఫిజియోథెరపిస్టుకు ఎంతో మేలు చేసినవారవుతారు. గోడకు ఎదురుగా, కాలి బొటనవేళ్లు గోడకు జానెడు దూరంలో ఉండేలా నిలబడి, ఎడమచేతి వేళ్లను గోడ మీద మెల్లగా పైకి పాకించండి. లాగినట్టు అనిపించిన చోటే ఆపి, నడివేలు కొన దగ్గర పెన్సిలుతో ఒక సన్నని గీత పెట్టి, నేల నుంచి ఎత్తు కొలవండి. ఇక్కడ చాలామంది తెలియకుండానే చేసే పొరపాటు ఒకటుంది: చేయి లేవనప్పుడు భుజాన్ని చెవి వైపు ఎగదోసి, నడుమును వెనక్కి వంచి నాలుగు వేళ్ల ఎత్తు సంపాదిస్తారు. పక్కన ఎవరినైనా నిలబెట్టి, భుజం ఎగిరిన క్షణంలో ఆపమనండి. గీత అక్కడే పడాలి. ఇంతకంటే ఈ జబ్బును బాగా పట్టించే కదలిక ఇంకొకటి. రెండు మోచేతులనూ నడుముకు ఆనించి, 90 డిగ్రీలు వంచి, ముంజేతులను తలుపులు తెరిచినట్టు రెండు పక్కలకూ తెరవండి. కుడిచేయి ఎంత తెరుచుకుంది, ఎడమచేయి అందులో సగం వచ్చిందా, మూడోవంతు వచ్చిందా అని రాయండి. ఫ్రోజెన్ షోల్డర్‌లో సాధారణంగా అన్నిటికంటే ఎక్కువగా తగ్గిపోయేది ఇలా బయటికి తెరుచుకునే కదలికే.

ఇప్పుడు వ్యాయామాల సంగతికి వస్తాను. నేను మీ భుజాన్ని చూడలేదు, మీ ఫిజియోథెరపిస్టు చూశారు. కాబట్టి కింద చెప్పేది శుక్రవారం వరకు ఆమె ఆమోదం కోసం మీరు పంపదగిన ప్రతిపాదన మాత్రమే. భుజం ఇంతగా రేగినప్పుడు వ్యాయామం పొర సాగడం కోసం కాదు, కీలు కదలడం మరిచిపోకుండా ఉండడం కోసం. మూడు వ్యాయామాలకు మించి అక్కర్లేదు.

మొదటిది లోలకం. కుడిచేత్తో బల్ల అంచు పట్టుకుని నడుము దగ్గర ముందుకు వంగి, ఎడమచేతిని తాడులా వేలాడదీయండి. చేతిని మీరు ఊపకూడదు. మోకాళ్ల దగ్గర ఒంటిని కొద్దిగా ముందుకూ వెనక్కూ కదిపితే చేయి దానంతటదే ఊగాలి. ఒక నిమిషం చాలు, రోజుకు మూడుసార్లు. చేయి బిగబట్టి గుండ్రంగా తిప్పేవాళ్లను ఎంతోమందిని చూశాను. అలా చేస్తే భుజం కండరాలు పని చేయడం మొదలవుతుంది, కీలుకు దొరకవలసిన సేద దొరకదు.

రెండోది బల్ల మీద జార్చడం. బల్ల ముందు కుర్చీలో కూర్చుని, మడిచిన గుడ్డ మీద రెండు చేతులూ పెట్టి, ఒంటిని ముందుకు వంచుతూ గుడ్డను మెల్లగా ముందుకు జార్చాలి. బిగువు మొదలైన చోట క్షణం ఆగి వెనక్కి రావాలి. పదిసార్లు, రోజుకు రెండు పూటలు.

మూడోది కర్రతో చేసేది, అత్యంత ఓర్పు కావలసింది కూడా ఇదే. వెల్లకిలా పడుకుని, ఎడమ మోచేయి కింద మడిచిన టవలు పెట్టి, మోచేతిని నడుముకు ఆనించి 90 డిగ్రీలు వంచండి. రెండు చేతులతో ఒక కర్ర పట్టుకుని, కుడిచేత్తో నెడుతూ ఎడమ ముంజేతిని బయటి వైపుకు తీసుకెళ్లండి. బాగా రేగిన భుజానికి మేము 1 నుంచి 5 సెకన్లకు మించి ఆపమనం, అదీ నొప్పి మొదలయ్యే చోటికి ముందే. పదిసార్లు, రెండు పూటలు. మోచేయి నడుము నుంచి దూరంగా జరిగిపోతుంటే మీరు తిప్పుతున్నది భుజం కాదని గుర్తు; వెనక్కి తెచ్చుకుని తక్కువ దూరమే చేయండి.

వ్యాయామానికి ముందు పది నిమిషాలు వేడి కాపడం పెడితే కండరాలు వదులవుతాయి. షుగరు ఉన్నవారిలో చర్మానికి వేడి తెలియడం కొంత తగ్గి ఉండవచ్చు కాబట్టి, కాపడం వేడిని ముందు కుడి చేత్తో కాక ఇంట్లో ఇంకొకరి చేత పరీక్షింపజేయండి. పడుకునేటప్పుడు వెల్లకిలా పడుకుని, ఎడమ మోచేయి కింద ఒక దిండు పెట్టి చేయి వెనక్కి వాలిపోకుండా చూసుకోండి. కుడి పక్కకు తిరిగి పడుకుంటే ఒక దిండును కౌగిలించుకుని దాని మీద ఎడమచేయి పెట్టండి. చాలామందికి వ్యాయామం కంటే ముందుగా ఊరటనిచ్చేది ఈ దిండే.

ఎంత చేస్తే ఎక్కువైనట్టు అన్నదానికి నేను పాటించే లెక్క ఇది: వ్యాయామం చేసేటప్పుడు నొప్పి, మొదలుపెట్టకముందు ఉన్నదానికంటే 2 అంకెలకు మించి పెరగకూడదు, అరగంటలో మళ్లీ మొదటి స్థాయికి దిగిపోవాలి, ఆ రాత్రి ముందు రాత్రి కంటే ఎక్కువసార్లు మెలకువ రాకూడదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా మర్నాడు సంఖ్యను సగానికి తగ్గించండి, వ్యాయామాన్ని మాత్రం పూర్తిగా మానకండి.

ఇవన్నీ కలిపి మెసేజ్ ఇలా రాయవచ్చు. అంకెలు, రోజులు నేను మీ ఉత్తరాన్ని బట్టి ఊహించి పెట్టినవి. వాటి స్థానంలో మీవి వేసుకోండి.

"నమస్కారం. నేను ఎడమ భుజం ఫ్రోజెన్ షోల్డర్‌కు మంగళవారం, శుక్రవారం వస్తున్న రోగిని. నా పేరు, రిజిస్ట్రేషన్ నంబరు కింద ఇచ్చాను. ఎల్లుండి శుక్రవారం నా పదో సెషన్. అది ఇంకా నా పేరు మీదే ఉందో లేదో, తప్పిన సెషన్లను తర్వాతి వారాలకు జరపవచ్చో లేదో రిసెప్షన్ వారు తెలియజేయగలరు.

కింది వివరాలు దయచేసి నా ఫిజియోథెరపిస్టు గారికి చేర్చండి. నేను నాలుగో సెషన్ తర్వాత 19 రోజులుగా రాలేదు. 5, 6 సెషన్లకు ముందుగా ఫోన్ చేశాను. 7, 8, 9 సెషన్లకు చెప్పకుండానే మానేశాను, అందుకు క్షమించండి. మా అత్తగారు ఆసుపత్రిలో ఉండడంతో ఆవిడను రోజుకు చాలాసార్లు రెండు చేతులతో లేపవలసి వచ్చింది. ఆవిడ ఇప్పుడు ఇంట్లో ఉన్నారు, లేపే పని ఇంకా కొంత నా మీదే ఉంది. ఇకపై శుక్రవారాలు రాగలను, మంగళవారాలు ఇంకో రెండు వారాలు కష్టం.

7వ సెషన్ రోజు నుంచి నిన్నటి వరకు ఎనిమిది రోజులు, నా అంతట నేనే టవలుతో చేతిని వీపు వెనక పైకి లాగే వ్యాయామం రోజుకు రెండు పూటలు, పూటకు పదిసార్లు, ఒక్కొక్కసారి 30 సెకన్లు చేశాను. మూడో రోజు నుంచి రాత్రి నొప్పి పెరిగింది. నాలుగో సెషన్ రోజున కూర్చున్నప్పుడు 1, కదిపినప్పుడు 5, రాత్రి 3 ఉండేది. ఇప్పుడు కూర్చున్నప్పుడు 3, కదిపినప్పుడు 8, రాత్రి 7. రాత్రి మూడుసార్లు మెలకువ వస్తోంది, సలుపు తగ్గి నిద్ర పట్టడానికి అరగంట పడుతోంది. మెడ నుంచి వేళ్ల దాకా మంట గానీ తిమ్మిరి గానీ లేవు. పడలేదు, భుజంలో కలుక్కుమన్న శబ్దం రాలేదు. గోడ మీద గీత అప్పటి కంటే 6 సెంటీమీటర్లు కిందికి దిగింది. బయటికి తెరిచే కదలిక కుడిచేతిలో మూడోవంతే వస్తోంది. డాక్టరు గారు రాసిన నొప్పి మాత్ర రాత్రి ఒక్కటి వేసుకుంటున్నాను. ఈ వారం పరగడుపు షుగరు అంకెలు కూడా కింద ఇచ్చాను.

ఈ రోజు నుంచి టవలు వ్యాయామం, గోడ మీద గీత దాటి పాకించడం ఆపేశాను. మీరు చూసే వరకు లోలకం ఒక నిమిషం రోజుకు మూడుసార్లు, బల్ల మీద జార్చడం పదిసార్లు రెండు పూటలు, కర్రతో బయటికి తిప్పడం 5 సెకన్ల చొప్పున పదిసార్లు రెండు పూటలు మాత్రమే చేయాలనుకుంటున్నాను. నొప్పి 2 అంకెలకు మించి పెరిగితే సగానికి తగ్గిస్తాను. వీటిలో ఏదైనా చేయకూడనిది ఉందా? శుక్రవారం కంటే ముందు డాక్టరు గారిని కలవాలా?"

ఇంతకంటే పొడవు అక్కర్లేదు. షుగరు అంకెలు ఎందుకని మీకు అనిపించవచ్చు. నొప్పి ఇంత తీవ్రంగా ఉన్న దశలో డాక్టర్లు కొందరికి కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వాలని ఆలోచిస్తారు. అది కొన్ని రోజులపాటు షుగరును పెంచుతుంది కనుక, ఇప్పుడు మీ అంకెలు ఎలా ఉన్నాయన్నది ఆ నిర్ణయానికి కావలసిన సమాచారం. చివరి ప్రశ్న కూడా కావాలనే పెట్టాను. 'మీ సలహా కోరుతున్నాను' అని ముగిస్తే సలహా రావడానికి రోజులు పట్టవచ్చు. అవును, కాదు అని చెప్పగలిగేలా అడిగితే ఇద్దరు రోగుల మధ్య ఉన్న రెండు నిమిషాల్లోనే జవాబు ఇచ్చేస్తారు.

కొన్ని లక్షణాలను మాత్రం మెసేజ్ పెట్టి ఎదురుచూడకూడదు. భుజం ఎర్రబడి వేడిగా ఉబ్బి జ్వరం వచ్చినా, చేయి ఉన్నట్టుండి లేవకుండా పడిపోయినా, చేతిలో పట్టు తప్పినా అదే రోజు డాక్టరును చూడాలి. మీది ఎడమ భుజం, పైగా షుగరు ఉంది కాబట్టి ఇంకొక మాట: చేయి కదిపినా కదపకపోయినా ఒకేలా ఉండే నొప్పితో పాటు ఛాతీలో బరువు, ఆయాసం, చెమటలు వస్తే, అది భుజం సంగతి అనుకోకుండా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లండి.

మెసేజ్ ఈ సాయంత్రమే పంపండి. రేపు మధ్యాహ్నానికి జవాబు రాకపోతే రిసెప్షన్‌కు ఫోన్ చేసి, మెసేజ్ ఫిజియోథెరపిస్టు దాకా చేరిందా అని మాత్రం అడగండి. శుక్రవారం వెళ్లేటప్పుడు మొన్నటి వరకు వాడిన టవలును కూడా తీసుకెళ్లి, మీరు దాన్ని ఎలా పట్టుకుని లాగారో ఒక్కసారి, లాగకుండానే, చూపించండి. ఏ కోణంలో, ఏ చేత్తో ఎంత పైకి లాగారో కళ్లారా చూస్తే, పొర మీద భారం ఎక్కడ పడి ఉంటుందో ఆమెకు తెలుస్తుంది, పరీక్ష అక్కడి నుంచే మొదలుపెడతారు.